డ్యాష్‌బోర్డ్ ఎంత ఆలస్యమైతే పాడైనట్టు? వాడేవాళ్లతో కలిసి గడువు ఖరారు చేసుకునే పద్ధతి

నేను పనిచేసిన ఒక డెయిరీలో పాల సేకరణ లెక్కలు చూపే డ్యాష్‌బోర్డ్ ఉండేది. ఒక రోజు ఉదయం 8:50కి దాని పైమూలన ‘చివరి రిఫ్రెష్: 8:45’ అని పచ్చరంగులో కనిపించింది. రవాణా ఇన్‌చార్జి ఆ పచ్చరంగును నమ్మి ఒక రూట్‌కు చిన్న ట్యాంకర్‌ను పంపారు. నిజానికి ఆ రూట్‌లో సగం సేకరణ కేంద్రాల లెక్క అప్పటికి రానే లేదు, తెరమీద ఉన్నది సగం పాల లెక్క మాత్రమే. ట్యాంకర్ నిండిపోయాక కూడా చివరి ఊళ్లలో పాలు మిగిలిపోయాయి. ఆ తర్వాత జరిగిన సమావేశంలో డ్యాష్‌బోర్డ్ పాడైందని రవాణా విభాగం అంది, ఏ జాబూ ఫెయిల్ కాలేదని డేటా బృందం అంది. రెండు మాటలూ నిజమే. డ్యాష్‌బోర్డ్ ఎప్పుడు పాడైనట్టో ఎవరూ ముందుగా మాట్లాడుకోకపోవడం వల్లే ఆ వాదన తెగలేదు.

ఆ మాట్లాడుకోవడం ఎలాగో ఇక్కడ మెట్టుమెట్టుగా చెబుతాను. అలా మాట్లాడుకుంటే వచ్చే ఒప్పందాన్ని ఫ్రెష్‌నెస్ టార్గెట్ అంటారు, నేను దీన్ని గడువు అనే అంటాను. ఆ డెయిరీ లెక్కనే ఉదాహరణగా తీసుకుంటాను, అర్థం కావడానికి వీలుగా అంకెలను మాత్రం గుండ్రం చేశాను. మొత్తం 120 సేకరణ కేంద్రాలు, 12 రూట్లు, రూట్‌కు 10 కేంద్రాలు అనుకోండి. ఉదయం పూట పాలు పోయడం 8 గంటలకు ముగుస్తుంది. ట్యాంకర్లు 9:30కి బయలుదేరుతాయి.

మొదట, ఎంత తాజాగా కావాలని అడగకండి

అలా అడిగితే ‘ఎప్పటికప్పుడు కావాలి’ అనే జవాబే వస్తుంది. జవాబు చెప్పినవాళ్ల తప్పేమీ లేదు, ప్రశ్నే అటువంటిది. దాని బదులు ఒక్కొక్కరి పక్కన కూర్చుని మూడు విషయాలు తెలుసుకోండి: ఈ తెర చూసి మీరు ఏ పని చేస్తారు, ఆ పని ఏ గంటకు చేస్తారు, ఆ గంటకు లెక్క రాకపోతే ఏం చేస్తారు. మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. గడువులోని అసలు అంకె దాని జవాబులోనే ఉంటుందని ముందుకు వెళ్లాక చూస్తారు.

రవాణా ఇన్‌చార్జిని అలా అడిగినప్పుడు ఆయన చెప్పింది ఇది: “బండ్లు కదిలేది తొమ్మిదిన్నరకండీ. ఏ రూట్‌కు ఏ బండి వేయాలో రాసుకుని, డ్రైవర్లను పిలిచి చెప్పడానికి నాకు ముప్పావుగంట పడుతుంది. పావుతక్కువ తొమ్మిదికి లెక్క ఉంటే హాయి. తొమ్మిది దాటాక కూడా రాకపోతే రూట్ సూపర్‌వైజర్లతో కేంద్రాలకు ఫోన్లు చేయిస్తాను. ఫోన్లో లెక్క వచ్చిన రూట్‌కు అక్కడికక్కడే బండి చెప్పేసినా దానికి ఇరవై నిమిషాలు పోతాయి.”

అదే డ్యాష్‌బోర్డ్‌ను చెల్లింపులు చూసే అకౌంటెంట్ కూడా వాడతారు. రైతులకు డబ్బు చెల్లించేది 15 రోజులకోసారి కాబట్టి ఆమెకు ఉదయం 8:45తో పనిలేదు. కానీ చెల్లింపు రోజున ఒక్క కేంద్రం లెక్క తగ్గినా, వెన్న శాతం ఒక్క రైతుకు తప్పుగా పడినా ఆమె ఒప్పుకోరు. ఒకరికి త్వరగా వస్తే చాలు, కాస్త తక్కువైనా ఫర్వాలేదు. ఇంకొకరికి ఆలస్యమైనా పూర్తిగా రావాలి. ఈ రెంటినీ ఒకే గడువులో కలిపితే అది ఇద్దరికీ పనికిరాదు. ఒకే తెర అయినా రెండు గడువులు రాసుకోండి, వీలైతే తెరను కూడా రెండుగా విడదీయండి. ఇక్కడినుంచి రవాణా గడువు గురించే చెబుతాను, ఎందుకంటే చిక్కంతా అందులోనే ఉంది.

గడువు గడియారంలో రాయాలా, వయసులో రాయాలా

గడువును రెండు రకాలుగా రాయవచ్చు. ‘డేటా రెండు గంటలకు మించి పాతబడకూడదు’ అన్నది వయసు గడువు. ‘ఉదయం పూట లెక్క 8:45కల్లా ఉండాలి’ అన్నది గడియారపు గడువు. రోజంతా ఆగకుండా వచ్చే డేటాకు, ఉదాహరణకు ఆన్‌లైన్ ఆర్డర్లకు, వయసు గడువు సరిపోతుంది. పూటల లెక్కన వచ్చే డేటాకు అది అస్సలు పొసగదు. ఉదయం పూట లెక్క 8:30కి వచ్చిందనుకోండి. సాయంత్రం పూట లెక్క వచ్చేదాకా దాని వయసు పెరుగుతూనే ఉంటుంది, సాయంత్రానికి పది గంటలు దాటుతుంది. అందులో తప్పేమీ లేదు, మధ్యలో పాలే రాలేదు కదా. రెండు గంటల వయసు గడువు పెట్టిన డెయిరీలో అలారం ప్రతి మధ్యాహ్నమూ మోగుతుంది, వారం తిరిగేసరికి దాన్ని ఎవరూ పట్టించుకోరు. అలాగని వయసు గడువును పన్నెండు గంటలకు పెంచితే, ముందురోజు సాయంత్రం లెక్కకు తెల్లవారేసరికే ఆ వయసు నిండిపోతుంది, ఉదయం లెక్క రావాల్సిన గంటకు ముందే అలారం మోగుతుంది. అందుకే డేటా పూటల్లో వస్తే గడియారపు గడువే రాయండి.

‘వచ్చింది’ అంటే ఏమిటో తేల్చండి

నేను మొదట చెప్పిన సంఘటనలో తప్పు సరిగ్గా ఇక్కడే జరిగింది. రిఫ్రెష్ సమయం క్వెరీ ఎప్పుడు నడిచిందో చెబుతుందే తప్ప, ఆ క్వెరీకి కొత్త డేటా దొరికిందో లేదో చెప్పదు. నిన్నటి వరుసలనే మళ్లీ చదివినా రిఫ్రెష్ విజయవంతమే. పట్టికలోని అన్నిటికంటే కొత్త వరుస సమయం చూస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అదీ మోసమే, ఎందుకంటే 120 కేంద్రాల్లో ఒక్కటి పంపినా ఆ సమయం ముందుకు జరుగుతుంది, మిగతా 119 రాకపోయినా తెర తాజాగానే కనిపిస్తుంది.

కాబట్టి గడువు పక్కనే ఎంత డేటా ఉంటే లెక్క ‘వచ్చినట్టు’ అన్నది కూడా రాయాలి. మేము ఒప్పుకున్నది ఇది: ప్రతి రూట్‌లోనూ ఆ రోజు తెరిచి ఉన్న కేంద్రాల్లో ఒక్కటి తప్ప మిగతావన్నీ రావాలి. మొత్తం 120లో ఇంత శాతం అని రాయకపోవడానికి కారణం ఉంది. పది శాతం అంటే 12 కేంద్రాలు. అవన్నీ ఒక్క రూట్‌వి, దాని పక్క రూట్‌వే అయితే మొత్తం లెక్క 90 శాతం వచ్చినా ఆ రూట్‌కు పంపాల్సిన ట్యాంకర్ లెక్క గాలికి పోతుంది. నిర్ణయం రూట్‌వారీగా జరుగుతుంది కాబట్టి హద్దు కూడా రూట్‌వారీగానే ఉండాలి. రాని ఆ ఒక్క కేంద్రానికి కిందటి వారం అదే పూట సగటు వేసుకుంటామని రవాణా వాళ్లే చెప్పారు. ఏదైనా ఒక్క కేంద్రం నుంచే రూట్‌లో మూడో వంతు పాలు వస్తుంటే మాత్రం దాని పేరు విడిగా రాసి, అది తప్పనిసరి అనండి.

‘తెరిచి ఉన్న’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. జాతర రోజున ఊళ్లో రెండు కేంద్రాలు మూసేస్తే, ఆ రూట్ ఎంతసేపు ఆగినా తొమ్మిది కేంద్రాలకు చేరదు. మూత సంగతిని ముందురోజు సాయంత్రంలోగా రూట్ సూపర్‌వైజర్ నమోదు చేయాలని, అలా నమోదు కాని మూతను ఆలస్యంగానే లెక్కిస్తామని ఒప్పందంలోనే రాసుకోండి.

ఇప్పుడు ఎంత ఆలస్యం అవుతోందో కొలవండి

మాట ఇచ్చే ముందు గడిచిన మూడు నెలల లెక్క తీయండి. ప్రతి కేంద్రం పూట ముగించినప్పుడు పంపే వరుస సర్వర్‌కు ఎప్పుడు చేరిందో `received_at` లో ఉందనుకోండి. నెట్‌వర్క్ తెగి కేంద్రం మళ్లీ పంపితే రెండు వరుసలు పడతాయి కాబట్టి ఒక్కో కేంద్రానికి మొదటి సమయమే తీసుకోవాలి. ఆ తర్వాత ప్రతి రూట్‌లో తొమ్మిదో కేంద్రం ఎప్పుడు వచ్చిందో చూడాలి.

```sql
SELECT shift_date, route_id,
       (array_agg(first_at ORDER BY first_at))[9] AS ninth_at
FROM (
  SELECT shift_date, route_id, centre_id,
         min(received_at) AT TIME ZONE 'Asia/Kolkata' AS first_at
  FROM shift_close
  WHERE shift = 'M'
    AND shift_date BETWEEN current_date - 90 AND current_date - 1
  GROUP BY 1, 2, 3
) t
GROUP BY 1, 2;
```

ఇది పోస్ట్‌గ్రెస్‌లో నడుస్తుంది. తొమ్మిది కేంద్రాలు రాని రోజున `ninth_at` ఖాళీగా ఉంటుంది, ఒక్క కేంద్రమూ రాని రూట్‌కైతే ఆ రోజు వరుసే ఉండదు. ఆ రోజులను తీసేయకండి, వాటిని అన్నిటికంటే ఆలస్యమైన రోజులుగా లెక్కించండి.

ఈ కొలతలో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది టైమ్ జోన్. సర్వర్ యూటీసీలో ఉంటే మన 8:25 అక్కడ 2:55గా కనిపిస్తుంది, ఆ తేడా కళ్లకు కనబడుతుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. కనబడని తేడా తేదీలో ఉంటుంది. ఉదయం 5:30 లోపు పోసిన పాలు యూటీసీ ప్రకారం ముందురోజు తేదీలోకి వెళ్తాయి. పూట తేదీని యూటీసీ సమయం నుంచి తీస్తే ప్రతి ఉదయమూ కొన్ని లీటర్లు నిన్నటి ఖాతాలో పడతాయి, ఇవాళ్టి లెక్క ఎప్పటికీ కొంచెం తక్కువగానే ఉంటుంది. రెండోది, పట్టికలోని పాత వరుసల మీదే కొత్తవి రాసే పద్ధతి. రాత్రి సవరణల జాబ్ నడిచినప్పుడల్లా `received_at` కూడా మారిపోతుంటే మీకు కనిపించేది సవరణ సమయం, రాక సమయం కాదు. అలా ఉంటే మొదటి రాక సమయాన్ని వేరే కాలమ్‌లో భద్రపరచడం మొదలుపెట్టి, ఒక నెల ఆగి కొలవండి. ఊహించిన అంకెతో మాట ఇవ్వడం కంటే ఒక నెల ఆగడం మేలు.

వచ్చిన సమయాలకు సగటు తీయకండి. ప్రతి రోజూ 12 రూట్లలో అన్నిటికంటే వెనకబడ్డ రూట్ సమయాన్ని తీసుకుని, 90 రోజుల సమయాలను తక్కువనుంచి ఎక్కువకు పేర్చి, 86వది చూడండి. మా ఉదాహరణలో అది 8:25 అనుకుందాం. అంటే 90 ఉదయాల్లో 86 ఉదయాలకు కేంద్రాల వైపునుంచి లెక్క 8:25కల్లా సర్వర్‌కు చేరుతోంది.

అక్కడినుంచి తెరదాకా పట్టే సమయాన్ని కూడండి

సర్వర్‌కు చేరిన లెక్క వెంటనే తెరమీదకు రాదు. లోడ్ జాబ్ 15 నిమిషాలకోసారి నడుస్తుంది, నడవడానికి 4 నిమిషాలు పడుతుంది. డ్యాష్‌బోర్డ్ రిఫ్రెష్ కూడా తన సొంత గడియారంతో 15 నిమిషాలకోసారి మొదలవుతుంది, దానికి 3 నిమిషాలు కావాలి. అదృష్టం కలిసిరాని రోజున లెక్క రెండు చోట్లా పూర్తిగా వేచి ఉంటుంది: 15, 4, 15, 3, మొత్తం 37 నిమిషాలు. 8:25కు 37 కలిపితే 9:02. రవాణాకు కావలసింది 8:45.

ఇక్కడ పదిహేడు నిమిషాల తేడా ఉంది. ఇప్పుడు బేరం మొదలవుతుంది, అది అంకెల మీద జరగాలి. మొదట రిఫ్రెష్‌ను గడియారంతో కాకుండా, లోడ్ ముగిసిన వెంటనే మొదలయ్యేలా కలిపేయండి. దీనికి పెద్ద ఖర్చు లేదు, 15 నిమిషాల నిరీక్షణ పోతుంది, 8:47కు వస్తారు. ఆ తర్వాత లోడ్‌ను 8 నుంచి 9 గంటల మధ్య మాత్రం 10 నిమిషాలకోసారి నడిపితే ఇంకో 5 నిమిషాలు తగ్గి 8:42 అవుతుంది. రోజంతా అలా నడపాల్సిన పని లేదు, రవాణాకు కావలసింది ఆ ఒక్క గంటే. ఈ రెండు మార్పులతో 8:45 అందుతుంది. అప్పటికీ అందకపోతే అవతలివాళ్లను అడగాల్సింది ‘ఇంకొంచెం ఆగగలరా’ అని కాదు, ‘ఈ పది నిమిషాలు తగ్గించడానికి ఇంత ఖర్చవుతుంది, ట్యాంకర్లు 9:40కి కదిలితే ఏమవుతుంది’ అని అడగాలి. కొన్నిసార్లు రెండోదే చవక.

ఆలస్యానికి ఒక గీత, పాడైనదానికి ఇంకో గీత

గడువు దాటిన ప్రతి నిమిషమూ ఒకేలా ఉండదు. 8:50కి లెక్క వస్తే ఇన్‌చార్జి కొంచెం తొందరపడతారు, పని ఆగదు. అందుకే 8:45ను ఆలస్యపు గీతగా పెట్టండి: అది దాటితే డేటా బృందానికి కబురు వెళ్తుంది, వాడేవాళ్లకు మాత్రం తెరమీద గుర్తు కనిపిస్తే చాలు.

పాడైన గీతను ఎక్కడ పెట్టాలో మూడో ప్రశ్నకు వచ్చిన జవాబే చెబుతుంది. ట్యాంకర్లు 9:30కి కదులుతాయి, ఫోన్లతో లెక్క రాబట్టడానికి 20 నిమిషాలు పడుతుంది. 9:10కి కూడా లెక్క లేకపోతే ఇక ఎదురుచూడటం నష్టం, ఫోన్లు మొదలుపెట్టాల్సిందే. కాబట్టి పాడైన గీత 9:10. ఆ క్షణం దాటాక 9:12కి లెక్క వచ్చినా ఆ ఉదయానికి డ్యాష్‌బోర్డ్ పాడైనట్టే నమోదు చేయాలి, ఎందుకంటే ఫోన్ల పని అప్పటికే మొదలైంది. ఏ డ్యాష్‌బోర్డ్‌కైనా ఈ గీతను ఇలాగే గీయవచ్చు: నిర్ణయం జరిగే సమయంలోంచి ప్రత్యామ్నాయపు పనికి పట్టే సమయాన్ని తీసేయండి. ప్రత్యామ్నాయమే లేదని వాడేవాళ్లు అంటే, ముందు దాన్ని తయారు చేయించండి. లేకపోతే గీత గీయడానికి ఆధారమే ఉండదు.

ఎన్నిసార్లు తప్పవచ్చో రోజుల్లో చెప్పండి

‘95 శాతం’ అంటే అందరూ తలూపుతారు. అంటే 30 ఉదయాల్లో ఒకటిన్నర ఉదయం తప్పవచ్చని చెబితే ఆ సగం ఉదయం ఏమిటని అడుగుతారు. అందుకే లెక్కను రోజుల్లోనే రాయండి: నెలలో 8:45 దాటే ఉదయాలు మూడుకు మించకూడదు, 9:10 దాటేవి మూడు నెలల్లో రెండుకు మించకూడదు. కేంద్రాల వైపునుంచే నెలకు ఒకటో రెండో ఉదయాలు తప్పుతున్నాయని కొలతలో తేలింది కాబట్టి, మన జాబ్‌లు చెడిపోయే రోజుకు కూడా చోటు వదిలి మూడు అన్నాం. ఆ మూడూ అయిపోతే ఏం జరుగుతుందో కూడా రాయకపోతే ఈ అంకె కాగితం మీదే ఉండిపోతుంది. మేము రాసుకున్నది: నాలుగో ఉదయం తప్పిన వెంటనే ఈ డ్యాష్‌బోర్డ్‌కు కొత్త గ్రాఫ్‌లు చేర్చే పని ఆగుతుంది, ఆలస్యానికి కారణం సరిచేశాకే మళ్లీ మొదలవుతుంది. దీనికి సేకరణ మేనేజర్ ఒప్పుకోవాలి, ఎందుకంటే కొత్త గ్రాఫ్‌లు అడిగేది ఎక్కువగా ఆయనే.

ఇవన్నీ ఒక్క పేజీలో సరిపోతాయి. అందులో తెర పేరు, అది ఏ నిర్ణయం కోసమో, రెండు గీతలు, లెక్క వచ్చినట్టు ఎప్పుడు అనుకోవాలో, మూత నియమం, నెలకు ఎన్ని తప్పవచ్చో, గీత దాటితే ఎవరు ఎవరికి చెప్పాలో ఉంటే చాలు. పేర్లకు బదులు పదవులు రాయండి, సెలవులో ఉన్నప్పుడు ఆ బాధ్యత ఎవరిదో కూడా రాయండి. సంతకాలు అక్కర్లేదు, కానీ రవాణా ఇన్‌చార్జి చేత దాన్ని పైకి చదివించండి. చదువుతూ ఆయన ఆగిన చోటల్లా మీరు మార్చాల్సింది ఏదో ఉంటుంది.

గీత దాటిందని తెలియజేసే తనిఖీ

తనిఖీని లోడ్ జాబ్ నడిచే షెడ్యూలర్‌లో పెట్టకండి. ఆ షెడ్యూలరే ఆగిపోయిన రోజున తనిఖీ కూడా దానితోపాటే ఆగిపోతుంది, అన్నీ బాగున్నాయన్నంత నిశ్శబ్దంగా ఉంటుంది. వేరే యంత్రం నుంచి 8:45కు ఒకసారి, 9:10కి ఒకసారి నడపండి. మధ్యలో ఉన్న పట్టికను కాకుండా డ్యాష్‌బోర్డ్ చదివే చివరి పట్టికనే అడగండి.

```sql
SELECT r.route_id,
       count(DISTINCT d.centre_id) AS arrived
FROM routes r
LEFT JOIN dash_shift d
  ON d.route_id = r.route_id
 AND d.shift = 'M'
 AND d.shift_date =
     (now() AT TIME ZONE 'Asia/Kolkata')::date
GROUP BY r.route_id, r.open_centres
HAVING count(DISTINCT d.centre_id) < r.open_centres - 1;
```

ఇక్కడ `routes` నుంచి మొదలుపెట్టడం ముఖ్యం. నేరుగా `dash_shift` మీదే లెక్క వేస్తే, ఒక్క కేంద్రం కూడా రాని రూట్‌కు వరుసే ఉండదు కాబట్టి అది జాబితాలోకే రాదు. అన్ని రూట్లూ రాని రోజున జాబితా పూర్తిగా ఖాళీగా వస్తుంది, తనిఖీ దాన్ని ‘సమస్యేమీ లేదు’ అని చదువుకుంటుంది. అన్నిటికంటే పెద్ద వైఫల్యాన్నే ఇలాంటి తనిఖీ పట్టుకోలేదు. మొదలుపెట్టే ముందు పరీక్షా డేటాబేస్‌లో ఇవాళ్టి వరుసలన్నీ తీసేసి తనిఖీ నడపండి, 12 రూట్లూ కనబడాలి.

తెరమీద కూడా రిఫ్రెష్ సమయం తీసేసి, ప్రతి రూట్ పక్కన ‘10లో 7 కేంద్రాలు, 8:41’ అన్న రీతిలో రాయండి. రాక పూర్తికాని రూట్ పాల మొత్తాన్ని మామూలు అక్షరాల్లో చూపకండి. సగం అంకె చూడటానికి పూర్తి అంకెలాగే ఉంటుంది, తేడా చదివేవాళ్లకు తెలియదు. మేము అలాంటి మొత్తాన్ని బూడిదరంగులో, పక్కన ‘పూర్తి కాలేదు’ అన్న మాటతో చూపించాం. 9:10 దాటితే ఆ అంకెనే తీసేసి, ‘ఫోన్ లెక్క వాడండి’ అని చూపించాం. అంకె తీసేయడానికి మొదట రవాణా వాళ్లు ఒప్పుకోలేదు, ఎంతోకొంత తెలిస్తే మేలు కదా అన్నారు. చిన్న ట్యాంకర్ వెళ్లిన ఆ ఉదయాన్ని గుర్తుచేశాక ఒప్పుకున్నారు.

ఈ గడువును మళ్లీ చూసే తేదీ కూడా ఒప్పందంలోనే ఉండాలి. పాల వ్యాపారంలో ఆ తేదీని కాలమే చెబుతుంది. ఎండాకాలంలో పాలు తగ్గి కేంద్రాలు త్వరగా మూస్తాయి. చలికాలంలో పాలు పెరిగి క్యూలు పెద్దవవుతాయి, పూట ముగింపు 8 గంటలు దాటిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొలిచిన 8:25 డిసెంబర్‌లో నిలవదు. కాబట్టి అక్టోబర్‌లో కిందటి చలికాలపు 90 రోజులతో ఆ మొదటి క్వెరీని మళ్లీ నడిపి, వచ్చిన అంకెతో రవాణా ఇన్‌చార్జి దగ్గరికి మళ్లీ వెళ్లండి.